మూడు నిమిషాల్లో నాలుగు వందల మాటలు

ఇనుప రాడ్డు దెబ్బకి రికార్డింగు గది అద్దం భళ్లున పగిలింది. రెండో దెబ్బ స్టూడియో ఓనరు భుజం మీద పడింది. కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు పెద్దమనిషి.

"ఫ్యాక్టరీ జాగ్రత్తల వీడియోలో మాట్లాడిన ఆడమనిషి ఎవరు? ఎక్కడుంది?" వచ్చినవాడు అరిచాడు. "మూడు నిమిషాల్లో అన్నీ చెప్పేశారంట! మా తమ్ముడే చెవిన పెట్టలేదంట! మిషన్లో నలిగిన చెయ్యి తీసేశారురా వాడికి, మోచేతి దాకా!"

ఎడిటింగు బల్ల కింద లెక్కలావిడ నోరు నొక్కుకుని కూర్చుంది. ఆ వీడియోకి మాటలు రాసిందీ, చదివిందీ ఆవిడే. నిమిషానికి ఇన్నని లెక్కగట్టి రాస్తుందని స్టూడియోలో ఆ పేరు పెట్టారు. ఇప్పుడు నోరు విప్పిందంటే అతను గొంతు గుర్తుపట్టేస్తాడు. విప్పకపోతే ఓనరు ప్రాణం మీదికొచ్చేలా ఉంది.

మూడో దెబ్బ ఓనరు వేళ్ల మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు బల్ల కిందకి కూడా వినిపించింది. ఓనరు పొర్లుతుంటే అతను రాడ్డు తల మీదకి ఎత్తాడు.

"ఆగండి!"

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. "ఈ గొంతే," అన్నాడు.

జుట్టు పట్టుకుని ఆవిణ్ని బయటికి ఈడ్చాడు. నుదురు బల్ల అంచుకి కొట్టుకుని కంట్లోకి నెత్తురు కారింది. అయినా నోరు మాత్రం లెక్కే చెప్పింది, పాపం, దానికి వచ్చిందదే.

"మూడు నిమిషాల వీడియో, అన్నా. మొదటా చివరా పేర్లకీ సంగీతానికీ ఇరవై సెకన్లు. మాటలకి మిగిలేది నూట అరవై. మన మాటలు పొడుగు. నిదానంగా చదివితే నిమిషానికి వందే పడతాయి. రెండొందల అరవై దాటకూడదు."

"మరి ఎన్ని వాగావు?"

"నాలుగొందలు. సారు నిమిషానికి నూట యాభై అని ఒప్పేసుకున్నారు. అది ఇంగ్లీషు వాళ్ల లెక్క, మనకి కుదరదని చెప్పాను. చదివితే నాలుగు నిమిషాలొచ్చింది. కంప్యూటర్లో ఒకటిన్నర రెట్లు వేగం పెంచి ఇరికించాం."

"దాని మాట నమ్మకు బాబూ," నేల మీంచి ఓనరు మూలిగాడు. "వేగం పెంచే బటన్ నొక్కింది అదే!"

రాడ్డు ఆవిడ మెడకి ఆనింది. "నువ్వేనా?"

"నేనే," అంది. అబద్ధం ఆడొచ్చు. ఎందుకో ఆడలేదు.

"అయితే ఇప్పుడు నిదానంగా చదువు. నేనూ చూస్తా."

శబ్దం కట్టేసి వీడియో పెట్టింది. పది సెకన్ల సంగీతం వదిలేసి, బల్ల మీదున్న మాటల కాగితం పట్టుకుని మామూలు వేగంలో మొదలుపెట్టింది. కంపెనీ పుట్టుక, పెద్దాయన గొప్పతనం, అందుకున్న బహుమతులు: మొదటి నూట ముప్ఫై మాటలూ ఈ భజనే. కత్తిరిద్దామంటే ఫ్యాక్టరీ వాళ్లు ససేమిరా అన్నారు. ఆ తర్వాత బూట్లు, టోపీ, మెట్ల దగ్గర జాగ్రత్త. అంతలో తెర నల్లబడింది. ఇంకా నూటికి పైగా మాటలు మిగిలే ఉన్నాయి.

ఆవిడ ఆగలేదు. "స్విచ్ ఆపిన తర్వాత కూడా రోలరు పన్నెండు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా లోపల చెయ్యి పెట్టకండి."

అతను మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివింది.

"స్విచ్ ఆపే చెయ్యి పెట్టాడు వాడు," అన్నాడు అతను. "ఫోన్లో పదిసార్లు పెట్టుకుని విన్నాను. గడగడా ఏదో పోయింది తప్ప ఈ ముక్క నాకూ అందలేదు."

తర్వాత రాడ్డు లేచింది. ఆవిడ ముంజేతి మీద పడింది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఆవిడ గోడకి జారబడి కేక పెట్టింది.

"కుదరదని తెలిసి ఎందుకు నొక్కావు?"

"ఉద్యోగం పోతుందని."

ఇంకో దెబ్బ పడుతుందని ఆవిడ కళ్లు మూసుకుంది. అది ఎంతకీ పడలేదు. రాడ్డు గాజుపెంకుల మీద పడిన చప్పుడు విని కళ్లు తెరిచింది.

"లే," అన్నాడు. "ఆసుపత్రికి రా. తప్పు తనదే అనుకుంటున్నాడు వాడు. అన్నం ముట్టడం లేదు. 'నేను మందబుద్ధి వెధవని అన్నా, నాకెందుకు వండుతారు' అంటున్నాడు. నాకు చెప్పిందే వాడికీ చెప్పు."

"గడప దాటావో మళ్లీ రాకు!" అని ఓనరు విరిగిన వేళ్లు పట్టుకుని అరిచాడు.

లెక్కలావిడ కాగితాన్ని పళ్లతో పట్టుకుని, మంచి చేత్తో వాచిన చేతిని గుండెకి అదుముకుని, అతని వెనక మెట్లు దిగింది.