ముప్పై ఎనిమిది కాదు

పెట్టుబడుల సంస్థలో ఆమె పని, డబ్బు కోసం వచ్చే కొత్త కంపెనీల లెక్కలు సరిచూడటం. ఆ ఉదయం తన బల్ల మీదికి వచ్చిన స్లైడ్ల కట్ట తెరిచి, మొదటి పేజీలో ఫొటో చూడగానే తాగుతున్న టీ పక్కన పెట్టింది.

పిచ్చుక! హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్న పిచ్చుక. పిడికెడంత మనిషి, నోరు మూతపడేది కాదు కాబట్టి ఆ పేరు పెట్టింది ఈవిడే. ఇప్పుడు చక్కటి కోటు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడి నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలతో 'వ్యవస్థాపకురాలు' అని ఉంది.

ఆసుపత్రులు పక్కన పడేసిన చక్రాల కుర్చీలను కొని, బాగుచేసి, ఇళ్ళకు అద్దెకివ్వడం పిచ్చుక వ్యాపారం. 'మా కథ' అనే స్లైడులో, కాలేజీలో తన చీలమండ విరిగినప్పుడు కుర్చీ దొరక్క పడిన బాధ రాసుకుంది. 'ఆ రోజు నాకొక ఆలోచన వచ్చింది' అని ముగించింది.

"నీకు వచ్చిందా!" అంది ఆమె గట్టిగానే. పక్క బల్ల వాళ్ళు తలెత్తి చూశారు.

ఆలోచన వచ్చింది ఆమెకే. పిచ్చుకను మెట్ల మీద మోస్తూ, "ఆసుపత్రి వెనకాల అన్ని కుర్చీలు తుప్పు పడుతున్నాయి, బాగుచేసి అద్దెకిస్తే ఎంత బావుంటుందే" అన్నది ఆమే. ఇద్దరం కలిసి పెడదాం అనుకున్నారు. ఈలోగా ఆమెకు ఉద్యోగం వచ్చింది. నెల జీతం వదులుకునే ధైర్యం లేకపోయింది. పిచ్చుక ఒక్కతే మొదలుపెట్టింది. ఇంట్లో భర్త అప్పుడప్పుడూ "నీ ఫ్రెండు పేపర్లో పడింది చూశావా?" అని అడిగితే, ఆమె చూశానని చెప్పి పొయ్యి వైపు తిరిగేది.

ఆమె పెద్దసారు గదిలోకి వెళ్ళి, "సర్, ఈ కంపెనీ ఆవిడ నా స్నేహితురాలు. వేరేవాళ్ళకి ఇస్తారా?" అని అడిగింది.

"ఇస్తే వారం పడుతుంది. నిర్ణయం నీది కాదుగా, కమిటీది. నువ్వు అంకెలు చూసి పెట్టు చాలు," అన్నాడాయన.

ఆమె బయటికి వచ్చి కూర్చుంది. తప్పు దొరకాలని మనసులో గట్టిగా కోరుకుంటూనే చూడటం మొదలుపెట్టింది.

ఏడో స్లైడులో 'సీఏజీఆర్ 38 శాతం' అని ఎర్రటి వలయంలో రాసి ఉంది. అంటే మొదటి ఏడాది రాబడి ఏటికేడు చక్రవడ్డీలాగా అంత శాతం పెరిగితే, చివరి ఏడాది రాబడికి చేరుతుందని అర్థం. మొదటి ఏడాది రాబడి ఎనభై లక్షలు. ఐదో ఏడాది నాలుగు కోట్ల ఐదు లక్షలు. మధ్య సంవత్సరాలు ఎలా ఎగిరిపడినా ఈ లెక్కకు అక్కర్లేదు.

ఆమె ఎనభైని ముప్పై ఎనిమిది శాతం పెంచింది. నూటపది. మళ్ళీ పెంచింది. నూటయాభై రెండు. మూడోసారి రెండువందల పది. నాలుగోసారి రెండువందల తొంభై లక్షలు. అక్కడితో ఐదో ఏడాది వచ్చేసింది. స్లైడులో మాత్రం నాలుగువందల ఐదు.

దొరికింది! ఒళ్ళంతా హాయిగా వెచ్చబడింది. అంకె తప్పు. పిచ్చుక తప్పు.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ఐదోసారి కూడా పెంచి చూస్తే నాలుగువందలు దాటింది. విషయం బోధపడింది. ఐదేళ్ళ అంకెలున్నాయి కదా అని పిచ్చుక మనుషులు ఐదుతో లెక్క కట్టారు. కానీ మొదటి ఏడాది బయలుదేరిన చోటు, అక్కడ పెరుగుదల లేదు. చేతికి వేళ్ళు ఐదైనా వాటి మధ్య సందులు నాలుగే. నాలుగుతో కట్టింది. నూటఇరవై, నూటఎనభై, రెండువందల డెబ్బై, నాలుగువందల ఐదు. ఏటా సరిగ్గా యాభై శాతం.

తన గొప్ప తానే తగ్గించి చెప్పుకుంది, మహాతల్లి!

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకేదైనా దొరుకుతుందేమోనని ఆడిటర్ సంతకం చేసిన లెక్కలు తెరిచింది. మొదటి ఏడాది వ్యాపారం ఏ నాలుగు నెలలో సాగి ఉంటే, ఆ ఎనభై చిన్నదై పెరుగుదల ఊరికే పెద్దగా కనపడుతుంది. కానీ పన్నెండు నెలలూ ఉన్నాయి. చివరి ఏడాది అంచనా అంకేమోనని చూసింది. కాదు, అదీ వచ్చేసిన రాబడే. అద్దెకిచ్చేటప్పుడు తీసుకున్న డిపాజిట్లు రాబడిలో కలిపారా అంటే, అదీ లేదు.

అప్పుడే పెద్దసారు అటుగా వెళ్తూ ఆగాడు. "ఎంతట వాళ్ళ పెరుగుదల?"

"స్లైడులో ముప్పై ఎనిమిది అని ఉంది సర్."

"నలభై లోపా? అయితే కమిటీ దాకా ఎందుకు. నీ ఫ్రెండే కదా, నువ్వే మెల్లిగా చెప్పేసెయ్."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె అబద్ధమేమీ ఆడలేదు. స్లైడులో ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఇక నోరు మెదపకుండా కూర్చుంటే సరిపోతుంది. భోజనాల వేళయ్యేదాకా అలాగే కూర్చుంది. డబ్బాలో అన్నం సగం తిని, మూత పెట్టేసి, మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసింది.

"ఒసేయ్! నువ్వా! ఎన్నాళ్ళకే!" పిచ్చుక గొంతు మారలేదు. వెనకాల ఎవరో సుత్తితో ఇనుము కొడుతున్నారు.

"మీ ఫైలు నా దగ్గరికే వచ్చింది. ముప్పై ఎనిమిది శాతం మా సారుకి సరిపోలేదే. నలభై ఉండాలట."

సుత్తి ఆపమని పిచ్చుక ఎవరికో కేకేసింది.

"పోన్లేవే," అంది పిచ్చుక. "లెక్క నువ్వే చూశావా?"

"ఊఁ."

"అయితే ఇంకేముంది. నువ్వు చూశాక తప్పుండదు. పరీక్షల్లో నీ పేపరు చూసి నేను సరిచేసుకునేదాన్ని, గుర్తుందా?"

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. జాలితో కాదు. పిచ్చుకకు కోటుంది, కంపెనీ ఉంది, పేపర్లో ఫొటో ఉంది. ఆమెకున్నదల్లా ఇదొక్కటే, లెక్క తప్పదనే పేరు. దాన్ని కూడా ఈ పిచ్చుక కోసం పాడుచేసుకోవాలా?

"ఆగు," అంది కటువుగా. "ఐదుతో ఎవరు కట్టారే? నాలుగుతో కట్టాలి. ఐదేళ్ళలో పెరిగేది నాలుగుసార్లే. మీది యాభై శాతం, మొద్దూ!"

"యాభయ్యా? మరి ఇందాక సరిపోలేదన్నావేంటే?"

"తర్వాత చెప్తాను. స్లైడు మార్చి పంపు." ఫోన్ పెట్టేసింది.

పెద్దసారు ఆమె చూపించిన కాగితం మీద వేలితో తడుముతూ నాలుగు గుణకారాలూ తానే చేసుకున్నాడు. "నిజమే. పొద్దున నేనడిగినప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు సర్."

"మరి?"

"చెప్పబుద్ధి కాలేదు."

ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు. అరవలేదు. "దీని మిగతా పని వేరేవాళ్ళు చూస్తారు. ఈ ఏడాది నీ పని మీద రాసేటప్పుడు ఇది కూడా రాస్తాను," అని ఫైలు తన వైపు లాక్కున్నాడు.  ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి ఇంకో కంపెనీ కాగితాలు తెరిచింది.

మరుసటి నెల పిచ్చుక కమిటీ ముందు నిలబడి మాట్లాడింది. అద్దాల తలుపు ఇవతల నుంచి ఆమెకు మాటలు వినపడలేదు గానీ, తెర మీద 50 కనపడింది, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం కనపడింది. పెట్టుబడి ఖాయమైంది. పిచ్చుక మీది అసూయ మాత్రం ఆమెకు మొదటి రోజున్నంతా అలాగే ఉంది.

బయటికి రాగానే పిచ్చుక పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "మా దగ్గరికి వచ్చెయ్యవే. లెక్కలు చూసే మనిషి లేక చస్తున్నాం. ఇక్కడికంటే ఎక్కువే ఇస్తాను."

"నీ కింద నేను పని చెయ్యనే," అంది ఆమె.

పిచ్చుక అది హాస్యమనుకుని పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. కిందికి వెళ్ళే లిఫ్టు దాకా మాత్రం తోడు వెళ్ళింది.