ఖాళీలు లేని రోగి

వార్డు డ్యూటీ దిగేసరికి ఆ నర్సింగు విద్యార్థినికి కాళ్లు పీక్కుపోతున్నాయి. అయినా పరీక్ష ముంచుకొస్తోంది. మందుల పాఠం స్లైడ్లన్నిటినీ ఆమె ఎప్పుడో ఫోన్లో ప్రశ్నలుగా మార్చేసుకుంది. స్లైడులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి, ఒక మాట తీసేసి, అక్కడ గీత పెట్టడమే. పాఠ్యపుస్తకం జోలికి పోలేదు.

"కాస్త అడిగిపెట్టవే," అంటూ హాస్టల్ గదిలోని స్నేహితురాలికి ఆ ఫోన్ ఇచ్చింది. కుంభకర్ణుడి చెల్లెలని అందరూ పిలిచే ఆ మహాతల్లి మంచం దిగకుండానే చదవసాగింది.

"గుండెజబ్బుకి డిజాక్సిన్ మాత్ర ఇచ్చేముందు..."

"నాడి చూడాలి!" వాక్యం పూర్తికాకుండానే జవాబు వచ్చేసింది.

అలా అన్నీ టకటకా చెప్పేసింది. చివరికి కుంభకర్ణుడి చెల్లెలికి చదవడానికీ బద్ధకమేసింది. ఫోన్ పక్కన పడేసి, కళ్లు మూసుకుని సొంతంగా అడిగింది.

"ఓ పెద్దాయనకి ఆ మాత్ర ఇవ్వడానికి వెళ్లావు. నాడి యాభై ఉంది. ఏం చేస్తావ్?"

"నాడి చూస్తాను."

"చూశావుగా. యాభై. తర్వాత?"

మనసులో స్లైడ్లన్నీ తిరగేసింది. ఇంత కష్టపడి నేర్చుకున్నది గీతల మీద మాటలు పెట్టడమా? ఏడుపొక్కటే తక్కువ. దుమ్ము దులిపి లావుపాటి పుస్తకం ముందుకు లాక్కుంది. పెద్దవాళ్లలో నాడి అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలని అందులో ఉంది. స్లైడులో లేదు. పెద్దాయననే మొదటి ప్రశ్నగా రాసుకోవడం మొదలుపెట్టింది.

మంచం మీంచి నిద్రమత్తులో గొంతు వినిపించింది. "ఇంతకీ ఆ పెద్దాయనకి మాత్ర ఇచ్చేశావా?"

"ఇందాకైతే ఇచ్చేసేదాన్నే," అంది.