గాలి తీసిన చెయ్యి

అసిరయ్య సైకిలు వెనక చక్రానికి సాయంత్రం బిగించి గాలి కొడితే తెల్లారేసరికి బొటనవేలితో నొక్కగానే లోపలికి దిగిపోయేది. ఆ నెలలో మూడుసార్లు డ్యూటీకి ఆలస్యమైపోయాడు. పంక్చరా అంటే లేదు. షెడ్డు గేటు దగ్గర సైకిళ్ళు బాగుచేసే బలరామ్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, చుట్టూ తిప్పి చూసి, "కుఛ్ నహీ హై", ఏమీ లేదు పొమ్మని తేల్చేశాడు. మరి గాలి ఎక్కడికి పోతోంది? ఎవడో తీస్తున్నాడు. ఎవడంటే ఇంకెవడు, ఎదురింటి సన్యాసిరావు. ఈ లెక్క తేల్చుకోవడానికి అసిరయ్యకి ఒక్క పూట కూడా పట్టలేదు. మనుషుల్ని అనుమానించడంలో అతనిది మహా చురుకైన బుర్ర.

కారణం లేకపోలేదు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి పొట్టకూటికి ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్ళే, జుగ్సలాయి పక్క ఒకే వీధిలో ఉంటున్నవాళ్ళే, రైలింజన్ల లోకోషెడ్డులో ఆయిల్‌మేన్లే. ఫిట్టరు పరీక్షకి ఫోర్‌మన్ పంపేది ఒక్క పేరు. పదకొండేళ్ళుగా ఇంజన్లకి నూనె పోస్తున్న అసిరయ్య ఆ పేరు తనదేనని నమ్మాడు. నాలుగోసారి ఆలస్యమైతే ఆ పేరు పోయినట్టే.

కుళాయి దగ్గర సన్యాసిరావు కనబడగానే ఒంటికాలిమీద లేచాడు.

"ఒరే సన్యాసీ! రాత్రేల నా సైకిలు గాలి తీసేత్తన్నావేటి?"

"నీ గాలి తియ్యడానికి నాకేటి పనిరా? నీ నోటి గాలికే ఈదంతా సచ్చిపోతంది."

"ఫిట్టరు పోస్టు కోసరం ఎంతకైనా దిగజారిపోతావు నువ్వు!"

అసిరయ్య భార్య నూకాలమ్మ బిందె దించి, "సైకిలు కాడికి ఎవులూ రాలేదయ్యా, నాను సూత్తనే ఉన్నాను" అంది.

"గుర్రెట్టి తొంగుంటే నువ్వేటి సూత్తావే! నోర్ముయ్యి" అని ఆమె మీద కూడా విరుచుకుపడ్డాడు.

అంతటితో ఆగితే అసిరయ్య ఎందుకవుతాడు? నేరుగా ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి, ఇలాంటి దొంగని పరీక్షకి పంపకూడదని ఫిర్యాదు చేశాడు. ఫోర్‌మన్ సన్యాసిరావుని పిలిపించాడు. అతను పళ్ళు నూరుతూ వచ్చి ఒకే మాటన్నాడు.

"సాబ్, రేప్పొద్దున ఆడి సైకిలుకి మీ కళ్ళముందే గాలి కొట్టించండి. మీ పనిముట్ల గదిలో ఎట్టి తాళమెయ్యండి. తాళంచెవి మీ జేబులోనే ఉండాల."

అసిరయ్య వెంటనే ఒప్పుకున్నాడు. శత్రువు తన గోతిలో తానే పడుతున్నాడని లోపల ఎంతో సంబరపడ్డాడు కూడా.

మర్నాడు పొద్దున ఆరు గంటలకి గాలి కొట్టించి గదికి తాళం వేసేసరికి చక్రం రాయిలా ఉంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి తలుపు తీస్తే, నొక్కగానే వేలు దిగిపోయింది. షెడ్డు జనమంతా గుమిగూడారు.

"ఈడి దగ్గర మారుతాళం ఉండుంటాది!" అని అరిచాడు అసిరయ్య. ఆ మాట తన చెవికే అతకనట్టు వినబడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఫోర్‌మన్ విసుక్కుని బలరామ్‌ని పిలిపించాడు. బలరామ్ చక్రం చూశాడు, అసిరయ్యని చూశాడు. మొన్న ట్యూబుని ముంచినప్పుడు గాలి ఎక్కించే వాల్వు మూతిని పిడికిట్లో పట్టుకుని నీళ్ళపైనే ఉంచేసిన సంగతి గుర్తొచ్చినట్టుంది. వేలిమీద ఉమ్మి తీసుకుని ఆ మూతిమీద పెట్టాడు. చిన్న బుడగ లేచింది. పగిలింది. మళ్ళీ ఒకటి లేచింది.

మర విప్పి వాల్వు బయటికి లాగాడు. దాని సన్నటి కాడకి తొడిగే చిన్న రబ్బరు గొట్టం, గాలిని లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వకుండా బిగించి పట్టాల్సింది, ఉబ్బిపోయి, వదులై, జిడ్డుగా అతని వేళ్ళకి ఊడి వచ్చింది. బలరామ్ వాసన చూసి, "ఇస్మే తేల్ కిస్నే లగాయా?" అని, దీనికి నూనె రాసిందెవరని అడిగాడు.

చెప్పాల్సిన పనిలేకపోయింది. ఇంజను నూనె వాసన తెలియని ముక్కు ఆ షెడ్డులో లేదు.

అసిరయ్యకి తల కొట్టేసినట్టయింది. బిగుతు రబ్బరు కాడమీదికి ఎక్కడానికి అందరూ దానికి కాస్త ఉమ్మి రాస్తారు. అతనికది నామోషీ. ఆయిల్‌మేన్ చేతిలో నూనె లేకుండా ఏదైనా ఎక్కుతుందా? కొత్త రబ్బరు తెచ్చినప్పుడల్లా డబ్బా వంచి ఒక చుక్క నూనె వేసి మరీ తొడిగాడు. ఆ నూనె తాగి నాలుగు రోజులకే అదీ ఉబ్బేది. ప్రతిసారీ శాపనార్థాలు మాత్రం సన్యాసిరావుకి.

ఫోర్‌మన్ గొంతు పెంచలేదు. "బండినాపే వాక్యూమ్ బ్రేకు పైపులన్నీ రబ్బరే అసిరయ్యా. ఎక్కడ నూనె వెయ్యకూడదో తెలియనివాణ్ణి వాటిమీద చెయ్యి వెయ్యనివ్వను" అని, కాగితంమీద సన్యాసిరావు పేరు రాసుకుని వెళ్ళిపోయాడు.

అసిరయ్య సైకిలు తోసుకుంటూ గేటు దాటాడు. ఎవరిని తిట్టాలో మొదటిసారి తెలియలేదు. వెనకనుంచి సన్యాసిరావు సైకిలు వచ్చి పక్కన ఆగింది. క్షమాపణ అడగాలని అసిరయ్యకి ఒక్క క్షణం అనిపించింది కానీ, వంగి వెనక చక్రం నొక్కి చూశాడు.

సన్యాసిరావు ఆ వెనక చక్రం పక్కన నేలమీద తుపుక్కున ఉమ్మాడు.

"రబ్బరెక్కడానికి ఇది సాలదేటిరా?" అని, పెడలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.