రామన్న పెట్టిన చుక్కలు

తువాళ్లు ప్యాక్ చేసే అట్టపెట్టె ఒకదాన్ని విప్పి, ప్రణాలి దాని మీద యాభై సెంటీమీటర్ల చదరం గీసింది. ఒక మూలన గుండుసూది గుచ్చి, దానికి నూలుపోగు కట్టి, పోగు చివర పెన్సిలు పట్టి తిప్పింది. పావు వృత్తం వచ్చింది. తర్వాత చదరాన్ని వంద గడులు చేసింది. ఇక వాన రావడమే తరువాయి.

ఆ సెప్టెంబరులో సోలాపూర్ నీలం నగర్‌కు వాన మొహం చాటేసింది. పదకొండో రోజు మధ్యాహ్నం, సందులో మగ్గాల చప్పుడును దాటి రేకుల మీద టపటపమని వినిపించగానే అట్ట పట్టుకుని పరుగెత్తింది. బయట నేల మీద పెట్టి పది లెక్కపెట్టి, మళ్లీ లోపలికి తెచ్చింది. చినుకు పడ్డచోటల్లా అట్ట ముదురు గోధుమ రంగుకు తిరిగింది. అవి ఆరిపోకముందే స్టూలెక్కి నాయిన ఫోన్‌లో ఫొటో తీసింది.

"నీళ్లకు ఫొటో తీస్తవా, పిచ్చి పోరి," అని తల్లి కళావతి నవ్వింది.

చినుకుకు గీతలు తెలియవు. చదరంలో ఎక్కడైనా పడుతుంది. అలా పడ్డవాటిలో ఎన్నో వంతు పావు వృత్తంలో పడ్డాయో చూసి, ఆ వంతును నాలుగుతో గుణిస్తే పై (π) విలువకు దగ్గరగా వస్తుంది. ఫొటోలో ప్రణాలి మూడుసార్లు లెక్కపెట్టింది. మొత్తం నాలుగు వందల పన్నెండు. వృత్తం లోపల మూడు వందల పంతొమ్మిది. గీత మీద పడ్డవాటిని, మచ్చ నడిమధ్య ఎటుంటే అటు వేసింది. లెక్క 3.097 వచ్చింది.

"రావాల్సిందెంత?" అని రామన్న అన్నం తింటూ అడిగాడు.

"మూడు పాయింటు ఒకటి నాలుగు."

"అంటే తక్కువచ్చింది."

"వస్తది నాయిన. ఇన్ని చినుకులకు ఇంత తేడా ఉంటదని గూడ రాసిన. తేడా పదో వంతుకు దిగాలంటే నూరంతలు చినుకులు గావాలె."

రామన్న ఫోన్‌లో ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. అతను తువాళ్ల కార్ఖానాలో చెకర్. ఇరవై రెండేళ్లుగా రోజంతా బల్ల ముందు నిలబడి, వెలుతురుకు తువాలు ఎత్తి, పోగు లేచిన చోటు, నూలు తప్పిన చోటు వెతకడమే పని. చిన్న లోపమైతే అక్కడే సూదితో సరిచేస్తాడు. పెద్దదైతే వెనక్కి వేస్తాడు.

"ఇగో, ఈడ బోసిగున్నది. ఈడ గుంపు," అన్నాడు.

"అట్లనే ఉండాలె."

"అట్లనే ఎందుకుంటది?" అని గొణిగి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ప్రణాలి ఇదంతా చేస్తున్నది బడిలో జరిగే లెక్కల ప్రదర్శన కోసం. దాని పందెం చిన్నది కాదు. పూణెలో ఒక సంస్థ అందులో చూసి ప్రతి బడి నుంచి ఒక్కరిని తీసుకుంటుంది. చలికాలం శిబిరం, ఆపైన పదకొండు, పన్నెండు తరగతులు అక్కడే హాస్టల్లో. సీటు రాకపోతే ఏమిటన్నది కూడా తేలిపోయింది. మార్చిలో పదో తరగతి పరీక్షలవగానే తువాళ్ల అంచులు కుట్టే మిషను మీద కూర్చోబెడతామని రామన్న కార్ఖానా సేఠ్‌తో మాట్లాడి వచ్చాడు. ఆ మిషను ఎక్కడుంటుందో కూడా ప్రణాలికి తెలుసు. కిటికీ లేని వైపు, మూడోది.

ప్రదర్శన రోజు పొద్దున ఆమె ముందే బడికి వెళ్లి బల్ల సర్దుకుంది. పెద్దగా ప్రింటు తీయించిన ఫొటో ఇంట్లోనే ఉంది, నలిగిపోతుందని. దాన్ని చుట్టి బండి మీద తెచ్చే పని రామన్నది. అతను సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గోడకు తనే ఎక్కించి, నాలుగు మూలలూ పిన్నులు కొట్టాడు. అప్పటికి పూణె నుంచి వచ్చిన మంగేశ్ సార్ పక్క బల్ల దగ్గరికి వచ్చేశాడు. ప్రణాలి నోటుబుక్కు తెరిచి నిలబడింది. గోడ వంక చూసుకోలేదు.

మంగేశ్ సార్ సన్నటి మనిషి. మరాఠీలో, మెల్లగా మాట్లాడతాడు. ఆ మెల్లదనానికే పిల్లలు భయపడుతున్నారు.

"ఫొటో కొంచెం వాలుగా తీశావు. లెక్క తప్పదా?"

"తప్పదు సార్. గీత కూడా అట్ట మీదే ఉంది. వాలితే రెండూ కలిసే వాలతాయి. లోపలిది లోపలే ఉంటుంది."

అతను తల పైకెత్తి మొదటిసారి ఆమె మొహం చూశాడు. క్లాసు టీచరు భాగ్యలక్ష్మి బాయి వెనక నుంచి మురిసిపోతూ చూస్తోంది. మంగేశ్ సార్ నోటుబుక్కు తీసుకుని, తేడా గురించి రాసిన పేజీని వేలు వెంట పెట్టి పైకి చదివాడు. "'నాలుగు వందల పన్నెండు చినుకులకు 0.08 దాకా తేడా మామూలే. నాకు వచ్చిన తేడా 0.045.' బాగుంది. 'వంద గడుల్లో రెండు ఖాళీగా ఉన్నాయి, ఒక గడిలో తొమ్మిది పడ్డాయి. చినుకులు ఎవరూ సర్దకుండా పడ్డాయనడానికి ఇదే గుర్తు.' ఇది ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. లెక్క వేసుకున్నాను."

"ఆ రెండు ఖాళీ గడులు చూపించు."

ప్రణాలి గోడ వైపు తిరిగి వేలు పెట్టింది. ఆ గడిలో మూడు చుక్కలున్నాయి. రెండో గడికి వేలు జరిపింది. అక్కడా మూడే.

మంగేశ్ సార్ కళ్లజోడు తీసి కాగితానికి ముక్కు ఆనించాడు. "పెన్ను. రంగు భలే కలిపావు." జేబులోంచి పెన్సిలు తీసి కొత్త చుక్కలకు ఒక్కొక్కదానికి టిక్కు పెడుతూ పోయాడు. హాల్లో జనం దగ్గరికి జరిగారు. "ఇరవై ఆరు. అందులో ఇరవై నాలుగు వృత్తం లోపల. ఇప్పుడు ఎంత వస్తుంది? చెప్పు, లెక్కలు బాగా వేస్తావుగా."

"మూడు వందల నలభై మూడు... నాలుగు వందల ముప్పై ఎనిమిది." ఆమె భాగించి, నాలుగుతో గుణించింది. "3.132."

"చూశారా, పై విలువకు ఎంత దగ్గరికి వచ్చిందో! పిల్లలూ, చినుకు అబద్ధం చెప్పదు. చేతికి మాత్రం ఆశ ఎక్కువ." నోటుబుక్కు బల్ల మీద పడేశాడు. "దొంగలకు మా దగ్గర సీటు లేదు."

ప్రణాలికి అప్పుడు అర్థమైంది. గుంపులో నాయినను వెతికింది. రామన్న తలుపు దగ్గర, చేతులు కట్టుకుని, పని బాగా జరిగిందన్నట్టు నవ్వుతున్నాడు. మరాఠీ అతనికి వచ్చు. కానీ అంత మెల్లటి గొంతు అక్కడిదాకా చేరలేదు.

"నేను పెట్టలేదు సార్. మా నాయిన పెట్టాడు."

"అందరూ ఇంకొకరి పేరే చెబుతారు."

మూడో మిషను ఆమె కళ్ల ముందు తిరిగింది.

"రుజువు చూపిస్తాను సార్. ఆయనకు తెల్లకాగితం ఇవ్వండి. ఇష్టమొచ్చిన చోట నలభై చుక్కలు పెట్టమనండి. ఇట్లాగే పెడతాడు. ఇంకో రకంగా పెట్టడం ఆయనకు చేతకాదు."

మంగేశ్ సార్ పెదవి కొంచెం వంగింది. "పిలువు."

"నాయిన, ఇటు రా," అని ఆమె తెలుగులో పిలిచింది. "నలభై చుక్కలు పెట్టాలెనంట. ఏడబడితే ఆడ. వాన పడ్డట్టు."

రామన్న సంబరంగా వచ్చాడు. "నా చేతనా?" జేబులోంచి గోధుమ రంగు స్కెచ్ పెన్ను తీశాడు. అది చూసి ఎవరో కిసుక్కుమన్నారు. అతను కాగితం మీదికి వంగి, ఒక కన్ను మూసి, ఒక చుక్క పెట్టి దూరంగా జరిగి చూశాడు. ఇంకొకటి పెట్టాడు. బోసిగా కనబడిన చోటు వెతికి మరొకటి. నలభై అయ్యేసరికి నుదుటి మీద చెమట పట్టింది.

"చూడు బిడ్డ, ఒక్క బొక్క గూడ లేదు," అన్నాడు.

ప్రణాలి కాగితాన్ని నిలువుగా రెండుసార్లు, అడ్డంగా రెండుసార్లు మడిచి విప్పింది. పదహారు గడులు పడ్డాయి. మరాఠీలో, హాలంతా వినపడేలా చదివింది. "రెండు, మూడు, మూడు, రెండు..." ఎనిమిది గడుల్లో రెండేసి, ఎనిమిది గడుల్లో మూడేసి. ఒకటి ఉన్న గడి లేదు. నాలుగు ఉన్న గడి లేదు.

"వాన ఇట్లా పడదు సార్. మా నాయిన మాత్రమే ఇట్లా పెడతాడు. ఖాళీ కనిపిస్తే ఊరుకోలేడు. చదువు లేదు, ఎంత చెప్పినా బుర్రకెక్కదు."

హాలు గొల్లుమంది. భాగ్యలక్ష్మి బాయి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రామన్నకు ఈసారి మరాఠీ స్పష్టంగా వినపడింది. అతని నవ్వు కొంచెంసేపు మొహం మీద అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయినట్టు.

"ఫోన్ ఇయ్యి," అంది ప్రణాలి. అతను ఇచ్చాడు. అసలు ఫొటో అందులో ఉంది. రెండు గడులు ఖాళీగానే ఉన్నాయి. మంగేశ్ సార్ ఫోన్‌ను గోడ మీది ప్రింటు పక్కన పెట్టి చూసి, మెల్లగా తల ఊపాడు. లిస్టులో ఏదో రాసుకున్నాడు.

"ఈ కాగితం నేను తీసుకుపోతాను," అన్నాడు, రామన్న చుక్కలున్న కాగితం ఎత్తి. "ఇంత చక్కటి నమూనా దొరకదు. కింద సంతకం పెట్టండి. పని కూడా రాయండి."

రామన్న తెలుగులో పేరు రాశాడు. పని మాత్రం రాయలేదు. "అది నువ్వు రాయి బిడ్డ, నీ రాత బాగుంటది," అని పెన్ను ఆమె చేతిలో పెట్టాడు. ప్రణాలి మరాఠీలో 'తువాళ్ల చెకర్, సోలాపూర్' అని రాసింది.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద అతను ఒకే మాట అడిగాడు. "వచ్చినట్టేనా సీటు?"

"వచ్చినట్టే."

"మంచిగైంది. ఆ మిషను మాట సేఠ్‌కు వద్దని చెప్త." కాసేపటికి మళ్లీ, తనలో తానే అన్నట్టు, "బొక్కలుండాలెనని నాకు తెల్వదు," అన్నాడు. ప్రణాలి వినపడనట్టు కూర్చుంది.

మర్నాడు కార్ఖానాలో కథ అతనికంటే ముందే చేరిపోయింది. హాల్లో ఉన్న పిల్లల తండ్రులు అక్కడే పనిచేస్తారు. బల్ల మీద తువాలు పరిచి, "రామన్నా, నలభై చుక్కలు పెట్టు, వాన పడాలె," అన్నాడు కుట్టు విభాగం పాండురంగ్. రామన్న కూడా వాళ్లతో నవ్వాడట. కళావతి చెప్పింది. తర్వాత వారం రోజులు తువాలు ఎత్తి చూసేటప్పుడు ఎవరైనా వస్తే దించేసేవాడట. అది కూడా కళావతే చెప్పింది, ప్రణాలి బట్టలు పెట్టెలో సర్దుతూ, తల ఎత్తకుండా.

డిసెంబరులో శిబిరం మొదలైంది. మొదటి పాఠం మంగేశ్ సార్‌దే. దీపాలు ఆర్పి, తెర మీద ఒక కాగితం చూపించాడు. నలభై గోధుమ రంగు చుక్కలు, వరస తప్పకుండా. కింద తెలుగులో ఒక పేరు. దాని కింద గుండ్రటి మరాఠీ అక్షరాలు.

"దీన్ని చినుకులని నమ్మించబోయాడు ఒక పెద్దమనిషి," అన్నాడు మంగేశ్ సార్. "ఏం తప్పో ఎవరు చెబుతారు?"

పక్కన కూర్చున్న హర్షద అనే పూణె అమ్మాయి, "తువాళ్ల చెకర్!" అని చదివి నోరు మూసుకుని నవ్వింది. "ఆ పైనున్న పేరు ఏ భాషో, నీకు తెలుసా?"

"తెలియదు," అంది ప్రణాలి.

తరగతంతా నవ్వడం మొదలైంది. వాళ్లకంటే ఒక్క క్షణం ముందే ఆమె నవ్వేసింది. తర్వాత చెయ్యెత్తింది. సార్ అడిగినదానికి జవాబు ఆ గదిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.