జగదీశ్వరరావు పళ్ళపొడి

అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలంపాట మొదలయ్యే ముందు అందరూ జగదీశ్వరరావు మొహంకేసి చూసేవారు. ఆయన కమీషన్ వ్యాపారి. దిమ్మ అంచు నుంచి చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని కొరికేవాడు. కనుబొమలు పైకి లేస్తే బెల్లం మంచిది. మూతి తిరిగితే కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మొహం తప్పు చెప్పలేదు.

బెల్లం తర్వాత ఆయనకు గర్వం తన పళ్ళపొడి. వేపాకు, కరక్కాయ, లవంగం, సైంధవ లవణం, వీటికి తోడు కాల్చిన ఊక బూడిద, బొగ్గు, "మెరుపు కోసం" మెత్తగా దంచిన ఇటుక పొడి. మూడేళ్ళుగా ఇంట్లో పేస్టు అన్న మాట వినపడనివ్వలేదు. చుట్టాలందరికీ సీసాలు పంచాడు. ఎలమంచిలిలో ఉన్న బావమరిది సన్యాసిరావుకైతే బస్సులో పంపించేవాడు.

మొదటి ఆర్నెల్లూ పళ్ళు నిజంగానే మెరిశాయి. తర్వాత ఎందుకో పసుపురంగుకి తిరిగాయి. పొడి చాలటం లేదనుకుని ఇంకా గట్టిగా తోమాడు. ఇంకా పసుపెక్కాయి. వేలు వదిలేసి గరుకు బ్రష్షు పట్టాడు. అద్దం ముందు పావుగంటసేపు ఇత్తడి చెంబు తోమినట్టు తోమేవాడు.

రెండువేల ఆరులో, మాఘమాసంలో, మాడుగుల అవతల కొండవాలు పొలాల నుంచి పోతన్న వ్యాన్లో బెల్లం తెచ్చాడు. దిమ్మలు తేనెరంగులో ఉన్నాయి. జగదీశ్వరరావు ముక్క విరిచి ఎడమ దవడన పెట్టి కొరికాడు. తీపి తగలగానే పంటి మొదట్లోంచి చెవిదాకా జివ్వుమంది. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, మూతి చెవివైపు పోయింది, ఒక కాలు దానంతటదే పైకి లేచింది.

కొనుగోలుదార్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏటి సావుకారు బాబూ, నా బెల్లంలో ఏటయింది?" అన్నాడు పోతన్న.

"ఏం లేదు. మళ్ళీ చూద్దాం," అని జగదీశ్వరరావు కుడి దవడన ఇంకో ముక్క కొరికాడు. ఈసారి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"ఉప్పునీళ్ళ చెరకేమో," అన్నాడొకడు. "రంగు కోసం మందు ఎక్కువ పోసుంటాడు," అన్నాడు ఇంకొకడు.

పోతన్నకు ఒళ్ళు మండిపోయింది. దిమ్మ ఎత్తి అంచు పట్టుకుని ఫట్‌మని కొరికి, కరకరా నమిలాడు. "రండి, మీరూ నోట్లో ఏసుకోండి. సెడ్డదైతే బండి ఎనక్కి తోలుకుపోతాను!"

నలుగురు తిన్నారు. బెల్లం అమృతంలా ఉంది. అందరూ మళ్ళీ జగదీశ్వరరావు మొహంకేసే చూశారు. పోతన్న దగ్గరకొచ్చి, "బాబూ, ఓపాలి నోరు తెరండి," అన్నాడు. తెరవక తప్పింది కాదు. "ఓలమ్మో! పసుపు కొమ్ముల్లాగున్నాయి పళ్ళు. నాకు సూడండి. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించి వేప పందుంపుల్లే!"

పది రోజులుగా బెల్లం కొరికినప్పుడల్లా మూతి తిరుగుతున్న సంగతి జగదీశ్వరరావుకు తెలుసు. తప్పు పళ్ళదని బయటపెడితే పొడి పరువు పోతుందని ఊరుకున్నాడు. ఈ పది రోజుల్లో తన మూతి వల్ల ఎందరి బెల్లం తక్కువకి పోయిందో గుర్తొచ్చి, ఆయనకు మొదటిసారి సిగ్గేసింది.

కబురు తెలిసి భార్య పద్మకుమారి ఆటోలో వచ్చింది. "పదండి డాక్టరు దగ్గరికి," అంది. పోతన్న కూడా ఆటో ఎక్కేశాడు.

"నువ్వెందుకు?"

"తప్పు నా బెల్లానిదో ఆరి పళ్ళదో డాక్టరమ్మ సెప్పాలి కదమ్మా. అందాకా పాట ఆపమని సెప్పేను."

పళ్ళ డాక్టరు యశస్విని చిన్న గొట్టంతో గాలి ఊదింది. జగదీశ్వరరావు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"దేంతో తోముతారండీ?"

ఆయన జేబులోంచి సీసా తీశాడు. ఆవిడ చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇసకలా ఉంది."

"ఇసకా? పిండిలా జల్లించేనమ్మా! అద్దం మీద రాసినా గీత పడదు. ఇదిగో చూడండి." చేతి గడియారం విప్పి, దాని అద్దం మీద పొడి వేసి బొటనవేలితో బలంగా రుద్దాడు. తుడిచి చూస్తే అద్దం మంచు పట్టినట్టు మసకబారింది. ఎంత కళ్ళు చికిలించినా ముళ్ళు ఆనలేదు.

"టైమెంతయిందండీ?" అంది పద్మకుమారి.

ఆయన గడియారం జేబులో వేసుకున్నాడు.

డాక్టరు నిదానంగా చెప్పింది. "పంటి మీద ఉండే తెల్లటి పెంకు చాలా గట్టిదే కాని, ఈ గడియారం అద్దమంత గట్టిది కూడా కాదు. ఊక బూడిద, ఇటుక పొడి దాన్ని అరగదీస్తాయి. కింద ఉండేది పసుపు పొర. అది బయటపడే కొద్దీ పళ్ళు పచ్చబడతాయి, తీపీ చల్లనా తగిలితే జివ్వుమంటాయి. మీరు మురికి అనుకుని ఇంకా తోమారు. అరిగింది మళ్ళీ పెరగదండీ."

"అయితే వేపా, లవంగమూ కూడా తప్పేనా?"

"వాటికేం, మంచివే. వేపలో క్రిములను అణిచే గుణం ఉంది, చిగుళ్ళకి మేలు. తప్పంతా గరుకుది, మీ బలానిది."

పోతన్న మీసం దువ్వాడు. "నాను సెప్పలేదా? వేపపుల్లే ఉత్తమం. నావీ సూడండమ్మా!"

డాక్టరు చూసింది. "చిగుళ్ళు బాగున్నాయి. కాని కుడివైపు ఈ కోరపంటి మొదట్లో గంటు పడింది, చిగురు కిందికి దిగింది. పుల్ల సరిగ్గా నమలకుండా అడ్డంగా రంపంలా లాగుతున్నారా?"

"కుడిసేతి వాటం కదమ్మా..." పోతన్న మీసం వదిలేశాడు.

"చివర కుంచెలా మెత్తబడేదాకా నమిలి, మెల్లగా, చిగురు నుంచి పంటి కొసకి తోమండి. పళ్ళ సందుల్లోకి పుల్ల వెళ్ళదు. పుచ్చకుండా ఆపే ఫ్లోరైడు కూడా పుల్లలో ఉండదు. పడుకునే ముందు పేస్టుతో ఒకసారి తోముకోండి."

తర్వాత పద్మకుమారి వంతు. డాక్టరు ఆశ్చర్యపోయింది. "ఇంత చక్కటి పళ్ళు! మీరూ ఇదే పొడి వాడుతున్నారా?"

పద్మకుమారి భర్తకేసి చూసి గొంతు సవరించుకుంది. "బియ్యం డబ్బాలో పేస్టు దాచుకుంటున్నానండి. మూడేళ్ళయింది."

జగదీశ్వరరావు నోరు తెరిచాడు. గాలి తగిలి జివ్వుమంటే వెంటనే మూసుకున్నాడు.

జగదీశ్వరరావును అరిగిన చోట్లు పూడ్చడానికి రెండుసార్లు రమ్మనీ, మెత్తటి బ్రష్షూ, జివ్వుమనకుండా వాడే పేస్టూ రాసి, నెల రోజులు ఓపిక పట్టమనీ చెప్పింది డాక్టరు. వెళ్ళబోతుంటే పోతన్న గుమ్మంలో ఆగాడు. "మరి నా బెల్లం సంగతి?"

"బెల్లం తప్పు లేదండీ," అంది ఆవిడ నవ్వాపుకుంటూ.

జగదీశ్వరరావు తిన్నగా మార్కెట్‌కి వెళ్ళి అందరి మధ్యా నిలబడ్డాడు. "పది రోజుల్నుంచి నా మొహం తప్పు చెప్తోంది, దాన్ని చూసి ఎవరూ పాడొద్దు. తప్పు నా పళ్ళది. పోతన్న బెల్లం మొదటి రకం," అన్నాడు. పాట ఉదయం అనుకున్నదానికంటే పైకే వెళ్ళింది. ఆ పది రోజుల్లో బెల్లం తక్కువకి పోయిన రైతులకు కమీషన్ వదిలేశాడు. ఎలమంచిలికి ఫోను చేసి పొడి వాడొద్దన్నాడు. "నేనెప్పుడు వాడేను బావా? మీ చెల్లి దాంతో దీపం కుందులు తోముతాది. బ్రహ్మాండంగా ఉంటాది," అన్నాడు సన్యాసిరావు.

నెల రోజులు రుచి చూసేదెవరు? మర్నాడు, ఇన్నేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతి దిమ్మా కొరికి చూసిన పద్మకుమారి మార్కెట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆడమనిషి మొహం చూసి పాట పాడడమేమిటని కొందరు గొణిగారు. ఆవిడ ముక్క కొరికి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా నోటితోనే చెప్పింది. "ఇది పాకం ఒక పొంగు ముందే దించేసేరు. వానాకాలానికి నీరుగారిపోతాది."

దిమ్మ తెచ్చిన రైతు నూకరాజు తెల్లబోయాడు. "అవునమ్మా. వాన పడతాదేమో అని తొందరపడ్డాను."

గొణుగుడు ఆగిపోయింది. జగదీశ్వరరావు వెనకాల స్టూలు మీద గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించుకుంటూ, ఆవిడ చెప్పినవన్నీ పుస్తకంలో రాసుకున్నాడు.