తీసెయ్యమని అడగలేదు

నానబెట్టిన బొరుగులు పిండుతుంటే, "ఆదివారం కూడా డ్యూటీనా?" అన్నాడు మా అన్న గోపాల్. అవునన్నాను. హిందూపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. ఆదివారం నాకు సెలవే. అందరికీ ఉగ్గాని కలిపి, అన్న పిల్లలకు తలలు దువ్వి పెనుకొండ బస్సెక్కాను. విడాకులై నాలుగేళ్లు. ముప్పై అయిదేళ్లొచ్చినా ఇంట్లో పనంతా చేశాక అబద్ధం చెప్పి బయటపడాల్సిందే.

నేను కలవబోయేది బసవరాజును. ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్‌లో డిజైన్లు వేస్తాడు. భార్య చనిపోయి అయిదేళ్లయింది. డేటింగ్ యాప్‌లో పరిచయమయ్యాడు. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని పెనుకొండలో మూడుసార్లు కలిశాం. రెండోసారి కోటగోడ పక్కన నడుస్తూ నా పని గురించి గంటసేపు అడిగాడు. మూడోసారికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఆ తర్వాత యాప్‌లో ఇంకొకరితో మాట్లాడబుద్ధి కాలేదు. ఆ సంగతి మెసేజ్‌లో రాసి చెరిపేశాను. మెసేజ్‌లో గొంతు వినపడదు. 'నువ్వింకా యాప్‌లోనే ఉన్నావా?' అని మొదలుపెడితే విచారణ అవుతుంది. విచారణంటే నాకు బాగా తెలుసు. పెళ్లయి ఉన్నప్పుడు మా ఆయన అన్నానికి కూర్చోగానే "ఫోన్ ఇట్లియ్యి" అని చెయ్యి చాపేవాడు. "దాచేది లేకుంటే భయమేల?" అనేది అత్త బాలనాగమ్మ. ఎనిమిదేళ్లు ఒక చేత్తో ఫోనిచ్చి ఇంకో చేత్తో వడ్డించాను. నాకేం కావాలో వాళ్లు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఏడవకుండా, కోప్పడకుండా కావాల్సింది చెప్పడం నాకు అలవాటు లేని పని. బస్సు సోమందేపల్లి దాటేదాకా అతనితో చెప్పాల్సిన నాలుగు మాటలే లోలోపల చెప్పుకుంటూ కూర్చున్నాను.

హైవే పక్క హోటల్లో కాఫీ అయ్యేదాకా ఆగాను.

"ఒకటి చెప్పల్ల. ఇప్పుడే జవాబు చెప్పే పని లేదు," అన్నాను.

"చెప్పు."

"నీతో ఉంటే నాకు బాగుండాది. ఇంకొకరితో మాట్లాడాలని లేదు. మనిద్దరం ఇంకెవరినీ కలవకుండా, ఇది యాడికి పోతాదో చూద్దామని నాకుండాది. పెళ్లి మాట కాదిది. నీ మనసులో ఏముండాదో తెలుసుకుందామని అడుగుతాండా."

అతను ఖాళీ కాఫీ గ్లాసు పక్కకు జరిపాడు.

"నిజం చెప్తా. అనంతపురంలో ఒకామెతో మాట్లాడతాండా. ఈ వారం కలుస్తానని మాటిచ్చినా." జేబులోంచి ఫోన్ తీశాడు. "కావాలంటే చూడు, అంతకు మించి ఏమీ లేదు."

"వద్దు, లోపల పెట్టు. నీ మాట చాలు."

బాధ కలగలేదని చెప్పను. కానీ మేమింతవరకూ ఒకరికొకరం ఏ మాటా ఇచ్చుకోలేదు. అతను చేసిన తప్పేమీ లేదు.

"నా అకౌంటు తీసేస్తా. అది నా కోసరం. దానికి బదులు నువ్వూ తీసెయ్యాలని కాదు. నిదానంగా ఆలోచించుకో," అన్నాను. "కానీ నెలల తరబడి ఇట్లే అంటే నాతో కాదు. అప్పుడు చెప్పే పోతా."

"బెదిరిస్తాండావా?" నవ్వాడు.

"లేదబ్బా. నాతో ఏది కాదో చెప్తాండా."

ఆ సాయంత్రం, యాప్‌లో పలకరించిన బెంగళూరు ఆయనకు 'ఒకరిని కలుస్తున్నాను, మీకు మంచి తోడు దొరకాలి' అని రాశాను. ఫోన్లోంచి యాప్ తీసేస్తే సరిపోదు, ప్రొఫైల్ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంటు డిలీట్ చేయబోతే, కొన్నాళ్లు కనబడకుండా ఆపుకుంటారా అని అడిగింది. వద్దని నొక్కి పూర్తిగా తీసేశాను. స్క్రీన్‌షాట్ బసవరాజుకు పంపాలనిపించింది. పంపితే అతణ్ణి వెనకనుంచి తోసినట్టే. పంపలేదు. ఆ వారం ఆ మాటే ఎత్తకుండా రోజూలాగే మాట్లాడుకున్నాం, మధ్యాహ్నం తిన్న కూర గురించి, అతను వేస్తున్న కొంగు డిజైను గురించి.

గురువారం సాయంత్రం ఫోన్ చేశాడు. "అనంతపురం ఆమెకు కలవకముందే చెప్పేసినా. మంచిగానే అర్థం చేసుకునింది. నా అకౌంటూ తీసేసినా. నువ్వు అడిగినావని కాదు. నాలుగు దినాలు ఆలోచించినా, కలవాలంటే నీతోనే అనిపించింది."

"రేపు మనసు మారితే?"

"ఎవరిది మారినా దాచకుండా చెప్పుకుందాం."

సరేనన్నాను.

ఫోన్ పెట్టేసరికి తెల్లగడ్డలు ఒలుస్తున్న మా అమ్మ చౌడక్క తలెత్తింది. "ఎవురే?" టీవీ ముందు నుంచి అన్న కూడా ఇటు తిరిగాడు. ఎప్పటిలాగే ఒక అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"బసవరాజు అని, ధర్మవరమాయన. నేను కలుస్తాండే మనిషమ్మా," అన్నాను.