పంతులమ్మ గీసిన రెండో గడి

దేశదేశాల వాళ్లకు ఫోనులో ఆరోగ్య సలహాలిచ్చే ఒక కంపెనీలో ఇంగ్లిషు ఉచ్చారణ నేర్పే పంతులమ్మకు తెలివి కాస్త ఎక్కువే. ఆ తెలివే కొంప ముంచింది.

ఉద్యోగానికి వచ్చిన నర్సు ఆస్పత్రుల్లో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. నోరు విప్పితే చాలు, సొంత భాష యాస గుప్పుమనేది. నాలుకను పళ్ల మధ్య పెట్టి పలకాల్సిన శబ్దాన్ని హాయిగా 'త' అనేసేది. అయితేనేం? దీర్ఘం దీర్ఘంగా, హ్రస్వం హ్రస్వంగా ఉండేవి. హల్లు మీద హల్లు వచ్చినా ఒక్కటీ మింగేది కాదు. ముఖ్యమైన మాట మీదే బరువు వేసి, ఆగాల్సిన చోట ఆగేది. దేశదేశాల వాళ్లకు మాట అందాలంటే కావలసింది ఇవేనని పంతులమ్మకు తెలుసు.

అది రుజువు చేద్దామని ఆరు దేశాల వాళ్లకు నర్సు గొంతు వినిపించి, విన్నది విన్నట్టు ఒక గడిలో రాయమంది. ఆరుగురూ పొల్లుపోకుండా రాశారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. యాస వేరు, అర్థం కావడం వేరు అని మేనేజరుకు తెలియజెప్పాలని కాగితం మీద రెండో గడి కూడా గీసింది: యాస ఎంత, తొమ్మిదికి? ఆరుగురూ ఎనిమిది వేశారు.

మేనేజరు మొదటి గడి వైపు కన్నెత్తి చూడలేదు. ఎనిమిది మూడుకు దిగితేనే ఉద్యోగమన్నాడు, నెల గడువిచ్చాడు. పంతులమ్మ నెత్తీనోరూ బాదుకుంది. గోడకు చెప్పుకున్నా ఇంతే.

నర్సు ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. యాస పోగొట్టే మాస్టరు దగ్గర చేరి నెలంతా నోరు తిప్పింది. తిరిగొచ్చేసరికి 'త' పోయింది, దాంతోపాటు మిగతావీ పోయాయి. ఇప్పుడు మాట ధారగా జారుతోంది, చివరి హల్లులు గొంతులోనే ఉండిపోతున్నాయి, దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా లేదు, బరువు ఏ మాట మీదా లేదు. రెండో పరీక్షలో యాసకు మూడు వచ్చింది. మందు ఎంత వేయాలో చెప్పిన చోట మాత్రం నలుగురు ఖాళీ వదిలేశారు. మేనేజరు ఆ రోజే ఆమెను చేర్చుకున్నాడు.

హెడ్‌సెట్ పెట్టుకుంటున్న నర్సు దగ్గరికి వెళ్లి పంతులమ్మ బతిమాలింది. "ఇదివరకటిలాగే మాట్లాడమ్మా. వాళ్లకి నువ్వు అర్థమయ్యేదానివి."

"ఆ గొంతుకి ఎనిమిది వేయించింది మీరే కదక్కా," అంది నర్సు. కోపంగా కూడా అనలేదు.

పంతులమ్మ చేతులారా చేసుకున్నదానికి ఎవరిని తిట్టాలి?

మొదటి ఫోను వచ్చింది. అవతల ఎవరో తల్లి, బిడ్డకు జ్వరమంటోంది. నర్సు మందు సంగతి చెప్పింది. ఆ తల్లి మళ్లీ చెప్పమంది. నర్సు ఇంకా వేగంగా, ఇంకా ముద్దగా చెప్పింది. ఈసారి ఆ తల్లి మళ్లీ చెప్పమనలేదు, అర్థమైందనీ అనలేదు. థాంక్స్ చెప్పి పెట్టేసింది.